ముగ్గురు ఇంజనీర్లు, 140 సర్వీసులు

ఒక వెబ్‌సైటులో మీరు ఏ బటన్ నొక్కారు, ఏ వస్తువు చూశారు, ఏది కొన్నారు అన్న సమాచారం ఆ సైటు యజమాని దగ్గరే ఆగదు. గూగుల్ అనలిటిక్స్ లాంటి రకరకాల విశ్లేషణ సేవలకు కూడా వెళ్తుంది. ఒక్కో సేవకు విడివిడిగా పంపే బాధ సైటు నడిపేవాళ్లకు లేకుండా, ఒక్కచోట ఇస్తే అన్నిటికీ చేరవేసే పని సెగ్మెంట్ అనే సంస్థది. ఈ చేరవేత కోసం వాళ్లు రాసుకున్న సాఫ్ట్‌వేర్ మొదట్లో చిన్నదే. కొన్నేళ్లకు అది 140కి పైగా విడివిడి సర్వీసులయింది. చివరికి ముగ్గురు ఇంజనీర్లు పొద్దస్తమానం చేసే పని ఆ సర్వీసులు పడిపోకుండా చూసుకోవడమే అయింది. కొత్తగా ఏదీ కట్టే తీరిక లేదు. 2018 జులైలో ఆ సంస్థ ఇంజనీరు అలెగ్జాండ్రా నూనన్ ఈ కథంతా దాపరికం లేకుండా రాశారు. విడగొట్టినవన్నీ మళ్లీ ఒకటిగా ఎలా కలిపారో కూడా అందులో చెప్పారు.

హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు అర్ధరాత్రి ఫోన్ మోగగానే లేచి ల్యాప్‌టాప్ తెరవడం ఎన్నో ఇళ్లలో కనిపించే దృశ్యం. 'ఆన్‌కాల్' అని వాళ్లు చెప్పే ఆ డ్యూటీలో ఎంత భాగం నిజంగా తప్పనిసరి, ఎంత భాగం సాఫ్ట్‌వేర్‌ను అక్కర్లేనంతగా ముక్కలు చేసినందువల్ల వచ్చింది? సెగ్మెంట్ అనుభవాన్ని వివరంగా చూస్తే ఆ తేడా పట్టుకోవచ్చు. ముందుగా అసలు విడగొట్టడం ఎందుకో చూద్దాం.

ఒకే ప్రోగ్రాము

బస్సు టికెట్లు అమ్మే ఒక యాప్ ఉందనుకుందాం. బస్సులు వెతకడం, సీటు ఎంచుకోవడం, వాలెట్‌లోంచి డబ్బు తీసుకోవడం, కూపన్ చూడటం, టికెట్ ఇవ్వడం, ఎస్సెమ్మెస్ పంపడం, రద్దు చేస్తే డబ్బు వెనక్కివ్వడం, ఇవన్నీ ఒకే ప్రోగ్రాములో, ఒకే డేటాబేస్ మీద నడుస్తుంటే దాన్ని మోనోలిత్ అంటారు. దీనికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. సీటు మీ పేరున రాయడం, మీ వాలెట్‌లో డబ్బు తగ్గించడం అనే రెండు పనులనూ డేటాబేస్ ఒకే ట్రాన్సాక్షన్‌గా చేసిపెడుతుంది. జరిగితే రెండూ జరుగుతాయి, లేకపోతే ఏదీ జరగదు. మధ్యలో కరెంటు పోయినా సరే, డబ్బు పోయి సీటు రాని పరిస్థితి ఉండదు. ఈ హామీ కోసం ప్రోగ్రామర్ రాయాల్సింది రెండు మూడు లైన్లే.

యాప్ పెరిగేకొద్దీ ఇబ్బందులు మొదలవుతాయి. కూపన్ల విభాగంలో ఒక చిన్న మార్పు చేసినా మొత్తం ప్రోగ్రామును మళ్లీ డిప్లాయ్ చేయాలి. టికెట్‌ను పీడీఎఫ్‌గా మార్చే భాగంలో ఎవరో చేసిన తప్పు వల్ల సర్వర్ మెమరీ నిండిపోతే, సంబంధం లేని సీట్ల బుకింగ్ కూడా ఆగిపోతుంది. సంక్రాంతి ముందు ఊళ్లకు వెళ్లేవాళ్లంతా బస్సుల కోసం వెతుకుతుంటే వెతుకులాట మీద ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. కానీ ఆ ఒక్క భాగానికే సర్వర్లు పెంచే వీలుండదు, మొత్తం ప్రోగ్రాముకే పెంచాలి. పదిమంది ఇంజనీర్లు ఉన్నప్పుడు ఇవన్నీ ఓర్చుకోదగ్గవే. వందమంది అయ్యాక ఒకరి పని ఒకరికి అడ్డం పడుతుంది.

నెట్‌ఫ్లిక్స్‌ను ఈ దారికి తెచ్చినది కూడా ఒక దెబ్బే. 2008 ఆగస్టులో వాళ్ల ప్రధాన డేటాబేస్ పాడై మూడు రోజులపాటు చందాదారులకు డీవీడీలు పంపలేకపోయారు. ఒక్కచోట దెబ్బ తగిలితే మొత్తం ఆగిపోయే అమరిక ఇక వద్దనుకుని, సొంత డేటా సెంటర్ల నుంచి అమెజాన్ క్లౌడ్‌కు మారుతూ, సాఫ్ట్‌వేర్‌ను కూడా చిన్న చిన్న సర్వీసులుగా తిరగరాశారు. ఆ పని 2016 జనవరికి గానీ పూర్తికాలేదు. ఏడేళ్లకు పైగా పట్టింది. 'మైక్రోసర్వీసులు' అనగానే చాలామంది నెట్‌ఫ్లిక్స్ పేరు చెబుతారు గానీ, ఆ ఏడేళ్ల మాట, అంత పని చేయగల పెద్ద సిబ్బంది మాట ఎత్తరు.

ఎక్కడ కోస్తే మంచిది

మన బస్సు యాప్‌ను జాగ్రత్తగా విడగొట్టాలంటే ఒకేసారి అంతా తిరగరాయకూడదు. యాప్‌కు ముందు ఒక రూటర్‌ను పెట్టి, వచ్చే ప్రతి అభ్యర్థనా దాని ద్వారానే పాత ప్రోగ్రాముకు వెళ్లేలా చేస్తారు. తర్వాత ఒక్కో భాగాన్ని బయటికి తీసి, ఆ భాగానికి వచ్చే అభ్యర్థనలను మాత్రం కొత్త సర్వీసుకు మళ్లిస్తారు. తేడా వస్తే రూటర్‌లో ఒక్క లైను మార్చి పాతదానికి తిప్పేయవచ్చు.

మొదట ఎస్సెమ్మెస్ పంపే భాగాన్ని తీయడం మేలు. టికెట్ బుక్ అవగానే పాత ప్రోగ్రాము 'ఈ నంబరుకు ఈ సందేశం' అని ఒక క్యూలో వేసి తన పని చూసుకుంటుంది. ఎస్సెమ్మెస్ సర్వీసు ఆ క్యూలోంచి ఒక్కొక్కటే తీసుకుని పంపుతుంది. ఆ సర్వీసు పది నిమిషాలు పడిపోయినా సందేశాలు క్యూలో వేచి ఉంటాయి, బుకింగ్ ఆగదు. తర్వాత వెతుకులాటను తీయవచ్చు. అది డేటాను చదువుతుందే తప్ప మార్చదు. బస్సుల వివరాల నకలు ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు. ఆ నకలు అర నిమిషం పాతదైనా కొంప మునగదు, ఎందుకంటే సీటు ఖాళీగా ఉందో లేదో అసలు బుకింగ్ సమయంలో మళ్లీ చూస్తారు. పండగ రోజుల్లో దీనికొక్కదానికే సర్వర్లు పెంచవచ్చు. ఇవి రెండూ మంచి కోతలు.

ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ ఉత్సాహం అక్కడితో ఆగదు. సీట్లు ఒక సర్వీసు, వాలెట్ ఒక సర్వీసు, కూపన్లు ఒక సర్వీసు, టికెట్ ఒక సర్వీసు, ఒక్కోదానికి సొంత డేటాబేస్ అని గీతలు గీస్తారు. బోర్డు మీద చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ గీతలతోనే ఇందాక చెప్పిన ట్రాన్సాక్షన్ హామీ పోయింది. సీటు పట్టుకున్నాక వాలెట్ సర్వీసును డబ్బు తగ్గించమని అడిగారు. రెండు సెకన్లు గడిచినా జవాబు రాలేదు. డబ్బు తగ్గిందా, లేదా? అడిగిన మాటే చేరలేదా, చేరి జవాబు మాత్రం దారిలో పోయిందా? అడిగిన సర్వీసుకు తెలిసే దారి లేదు. మళ్లీ అడిగితే రెండుసార్లు తగ్గవచ్చు. అందుకని ప్రతి అభ్యర్థనకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే డబ్బు మళ్లీ తగ్గించకుండా పాత జవాబే ఇచ్చేలా రాయాలి. మధ్యలో ఏ అడుగు తప్పినా అంతకుముందు చేసినవాటిని వెనక్కి తిప్పే కోడ్ రాయాలి. దీన్ని సాగా అంటారు. ఆ వెనక్కి తిప్పే కోడ్ కూడా మధ్యలో ఆగిపోతే ఎవరో ఒక మనిషి కూర్చుని లెక్కలు సరిచూడాలి.

బ్యాంకుతో లావాదేవీలో ఈ తిప్పలు తప్పవు. బ్యాంకు డేటాబేస్ మన చేతిలో ఉండదు. డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే కొన్ని పనిదినాలు ఆగమనే సందేశం అందుకే వస్తుంది. కానీ మన సొంత వాలెట్‌కూ మన సొంత సీటుకూ మధ్య అదే అగాధాన్ని మనమే తవ్వుకోవడం వేరే సంగతి. అక్కడ లాభం ఏమిటో ఎవరో ఒకరు గట్టిగా చెప్పగలగాలి. ఈ రెండూ వేరువేరు సమయాల్లో మారతాయా? ఒకటి పడిపోయినా రెండోది ఉపయోగపడుతుందా? ఒకదాని మీద ఒత్తిడి పెరిగినప్పుడు రెండోదాని మీద పెరగకుండా ఉంటుందా? సీటుకు, వాలెట్‌కు మూడింటికీ జవాబు దాదాపు 'లేదు' అనే వస్తుంది. ఎస్సెమ్మెస్‌కు మూడింటికీ 'అవును' అని వస్తుంది.

సెగ్మెంట్‌లో ఏం జరిగింది

సెగ్మెంట్ వాళ్లు తెలివితక్కువగా ఏమీ చేయలేదు. ప్రతి అడుగుకూ ఆ రోజున ఒక నిజమైన కారణం ఉంది. అందుకే వాళ్ల కథ అంత విలువైనది.

మొదట వాళ్ల దగ్గర ఒకే క్యూ ఉండేది. సైట్ల నుంచి వచ్చిన సమాచారమంతా అందులో చేరేది, అక్కడినుంచి ఒక ప్రోగ్రాము దాన్ని గమ్యాలకు పంపేది. గమ్యాలంటే గూగుల్ అనలిటిక్స్ లాంటి బయటి సేవలు. ఒక గమ్యం సర్వర్ కాసేపు పనిచేయకపోతే, అక్కడికి వెళ్లాల్సినవి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం కోసం అదే క్యూలోకి తిరిగొచ్చేవి. దాంతో క్యూ నిండిపోయి, చక్కగా పనిచేస్తున్న మిగతా గమ్యాలకు కూడా ఆలస్యమయ్యేది. ఒకరి జబ్బు అందరికీ అంటింది. దీనికి విరుగుడుగా గమ్యానికొక క్యూ, గమ్యానికొక సర్వీసు పెట్టారు. జబ్బు ఎక్కడిదక్కడే ఆగింది. పని కుదిరింది.

కోడ్ మాత్రం ఇంకా ఒకే రిపోలో, అంటే ఒకే భాండాగారంలో ఉండేది. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఒక గమ్యానికి సంబంధించిన టెస్టు విఫలమైతే అన్నిటికీ టెస్టులు విఫలమైనట్టే లెక్క. తనకు సంబంధం లేని టెస్టును బాగుచేసేదాకా ఎవరూ తన మార్పును పంపలేకపోయేవారు. కాబట్టి రిపోలను కూడా గమ్యానికొకటిగా విడగొట్టారు. అప్పటికి ఆ ఇబ్బంది కూడా తీరింది.

తర్వాత గమ్యాలు పెరిగాయి. సగటున నెలకు మూడు కొత్తవి చేరేవి. అన్నిటికీ కొన్ని పనులు ఉమ్మడి. ఉదాహరణకు వచ్చిన సమాచారంలోంచి వినియోగదారుడి పేరు బయటికి తీయడం. కొందరు దాన్ని `name` అని పంపుతారు, కొందరు `firstName`, `lastName` అని విడివిడిగా పంపుతారు. ఈ తలనొప్పి ప్రతిచోటా రాయకుండా ఉమ్మడి లైబ్రరీలు రాసుకున్నారు. అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. లైబ్రరీలో ఒక మెరుగుదల చేస్తే అది అందరికీ చేరాలంటే వందకు పైగా రిపోల్లో వర్షన్ మార్చి, టెస్టులు నడిపి, డిప్లాయ్ చేయాలి. అంత సమయం ఎవరికి ఉంటుంది? పని మీద ఉన్న ఇంజనీరు తనకు కావలసిన ఒక్క గమ్యంలో కొత్త వర్షన్ పెట్టి మిగతావి వదిలేసేవాడు. కొన్నాళ్లకు ఒక్కో గమ్యంలో ఒక్కో వర్షన్. ఏ గమ్యంలో ఏ ప్రవర్తన ఉందో గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. లైబ్రరీ పెట్టుకున్నదే ఒకే తీరు కోసం, ఆ ఒకే తీరే పోయింది.

ఒత్తిడి సంగతి కూడా అలాగే తయారైంది. కొన్ని గమ్యాలకు రోజుకు వెళ్లేవి కొన్నే, మరికొన్నిటికి సెకనుకు వేలు. దేనికెంత ప్రాసెసర్, ఎంత మెమరీ అన్నది దేనికదే వేరు. ఆటోస్కేలింగ్ ఉన్నా ఇన్ని రకాలకు సరైన అంకెలు పెట్టడం ఊహ మీదే నడిచింది. చిన్న గమ్యానికి అనుకోని వరద వస్తే ఎవరో ఒకరికి ఫోన్ మోగేది. కొత్త గమ్యం చేరిన ప్రతిసారీ ఆ ముగ్గురి మీద భారం పెరిగింది. సర్వీసుల సంఖ్యతోపాటు నిర్వహణ కూడా అదే లెక్కన పెరగడం, మనుషులు మాత్రం అంతే ఉండటం: దీన్నే ముందుగా పసిగట్టాలి.

పసిగట్టడం ఎలా

సెగ్మెంట్ లాంటి స్థితికి చేరకముందే తెలుసుకునే గుర్తులు ఉన్నాయి. వాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ఒకటుంది: కలిసి మారడం. ఒక చిన్న కోరిక, ఉదాహరణకు టికెట్ మీద ప్రయాణికుడి వయసు కూడా చూపించాలి అన్నది తీర్చడానికి నాలుగు సర్వీసుల్లో మార్పులు చేసి, వాటిని ఒక క్రమంలో డిప్లాయ్ చేయాల్సి వస్తే, ఆ నాలుగూ పేరుకే వేరు. నిజానికి అది ఇంకా మోనోలితే, కాకపోతే భాగాల మధ్య ఇప్పుడు నెట్‌వర్క్ వచ్చి కూర్చుంది. ఇంజనీర్లు దీన్ని డిస్ట్రిబ్యూటెడ్ మోనోలిత్ అంటారు. మోనోలిత్ ఇచ్చే ట్రాన్సాక్షన్ హామీ ఉండదు, మైక్రోసర్వీసులు ఇవ్వాల్సిన స్వేచ్ఛా ఉండదు. దీన్ని లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. గత మూడు నెలల్లో పూర్తిచేసిన పనులు తీసి, ఒక్కోదానికి ఎన్ని సర్వీసులు ముట్టుకోవాల్సి వచ్చిందో పక్కన రాసుకోవాలి. కోడ్ అంతా ఒకే రిపోలో ఉంటే ఇంకా తేలిక:

```
git log --since="3 months ago" --name-only --oneline
```

ఎప్పుడూ జంటగా కనిపించే పేర్లు ఏవో ఒక పూటలో తేలిపోతుంది. 'రిలీజ్ రోజు' అని క్యాలెండర్‌లో ఒక తేదీ పెట్టుకుని అన్ని టీములూ ఒకే కాల్‌లో కూర్చుని డిప్లాయ్ చేస్తున్నారంటే ఈ లెక్క కూడా అక్కర్లేదు.

రెండో గుర్తు ఒక్క క్లిక్కు వెనక ఉన్న గొలుసు. ఒకే ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలవడానికి పట్టే సమయాన్ని నానోసెకన్లలో చెప్పుకోవాలి. అదే పిలుపు నెట్‌వర్క్ మీద పక్క సర్వర్‌కు వెళ్లి రావాలంటే, ఒకే డేటా సెంటర్‌లో కూడా దాదాపు అర మిల్లీసెకను పడుతుంది. వేల రెట్ల తేడా. సమయం కన్నా నమ్మకం లెక్క ఇంకా కఠినం. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం. నెలకు 43 నిమిషాలు మాత్రమే పడిపోతుందన్నమాట, మంచిదే. కానీ ఒక టికెట్ ఇవ్వడానికి అలాంటివి పదింటినీ వరుసగా అడగాల్సి వస్తే, పదీ ఒకేసారి బాగుండే అవకాశం 99 శాతానికి దిగుతుంది. నెలకు ఏడు గంటలు. ఏ ఒక్క టీమూ తప్పు చేయలేదు, ఎవరి డ్యాష్‌బోర్డు చూసినా పచ్చగానే ఉంది, ప్రయాణికుడికి మాత్రం నెలకు ఏడు గంటలు టికెట్ దొరకదు. ఎస్సెమ్మెస్‌లా క్యూ మీద నడిచేవాటికి ఈ లెక్క వర్తించదు. జవాబు కోసం నిలబడి ఎదురుచూసే పిలుపులకే ఇది.

మూడోది బిల్లు. క్లౌడ్‌లో ప్రతి కదలికకూ డబ్బు. సర్వీసులు అసలు పనికన్నా ఒకదాని నుంచి ఒకదానికి డేటా మోయడానికే ఎక్కువ ఖర్చు పెడుతుంటే కోత తప్పుచోట పడిందని అర్థం. 2023 మార్చిలో అమెజాన్ ప్రైమ్ వీడియో ఇంజనీర్లు వెల్లడించిన సంగతి దీనికి మంచి ఉదాహరణ. ప్రసారంలో బొమ్మ చెదిరిందా, మాట బొమ్మతో కలవడం లేదా అని కనిపెట్టే పరికరం వాళ్లది. ఒక భాగం వీడియోను ఫ్రేములుగా విడదీసి ఎస్3 అనే నిల్వలో పెట్టేది, దోషాలు వెతికే భాగాలు అక్కడినుంచి తెచ్చుకునేవి. ఎవరి తర్వాత ఎవరు అన్నది స్టెప్ ఫంక్షన్స్ అనే సేవ నడిపించేది. ఆ సేవ ఒక్కో దశ మార్పుకూ డబ్బు వసూలు చేస్తుంది. ఇక్కడ ప్రసారంలోని ప్రతి సెకనుకూ అలాంటి మార్పులు ఎన్నో. అనుకున్న ఒత్తిడిలో 5 శాతం దగ్గరే అది పరిమితికి తగులుకుంది. అన్నిటినీ ఒకే ప్రాసెస్‌లో పెట్టి, ఫ్రేములను మెమరీలోనే చేతులు మార్చుకునేలా చేశాక ఖర్చు 90 శాతానికి పైగా తగ్గింది. ప్రైమ్ వీడియో మొత్తం మోనోలిత్ అయిపోయిందని అప్పట్లో చాలామంది ప్రచారం చేశారు. అది నిజం కాదు. మారింది ఆ ఒక్క పరికరమే.

నాలుగో గుర్తు యజమాని లేని సర్వీసు. 'ఇది ఎవరిది?' అని అడిగితే గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే సర్వీసు ఒక్కటున్నా ప్రమాదమే. దానికి భద్రతా ప్యాచ్‌లు పడవు, లైబ్రరీలు పాతబడతాయి, రాసినవాళ్లు ఉద్యోగం మారి ఉంటారు. పదిమంది టీముకు నలభై సర్వీసులుంటే అలాంటివి తప్పకుండా ఉంటాయి.

గీత మనుషుల మధ్య పడితే

ఒక సంస్థ తయారుచేసే వ్యవస్థ ఆకారం, ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారన్నదాన్ని పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లో రాశారు. హైదరాబాదులో అమెరికా సంస్థలకు పనిచేసేవాళ్లకు ఇది రోజూ అనుభవమే. సీట్ల సర్వీసు హైదరాబాదు టీముది, వాలెట్ సర్వీసు సియాటెల్ టీముది అనుకోండి. రెండు నగరాల మధ్య పన్నెండు గంటలకు పైగా తేడా. ఒకరికి పొద్దు పొడిస్తే ఒకరికి పొద్దు గుంకుతుంది. ఈ రెండు సర్వీసులూ ఇందాక చెప్పినట్టు కలిసి మారేవైతే, ఒక చిన్న సందేహం తీరడానికి ఒక రోజు, దానికి జవాబు మీద ఇంకో సందేహం వస్తే ఇంకో రోజు. రాత్రి తొమ్మిదింటి కాల్స్ అక్కడినుంచే పుట్టుకొస్తాయి. సర్వీసు గీతను కోడ్‌ను బట్టి గీయకుండా, ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి గీస్తే జరిగేది ఇదే. ఎస్సెమ్మెస్, వెతుకులాట లాంటివి ఒక ఊరికి పూర్తిగా అప్పగించి, సీటూ వాలెట్టూ రెండూ ఇంకో ఊరికే ఇస్తే అదే మనుషులతో పని సాఫీగా నడుస్తుంది. మేనేజర్లు ఒప్పుకోవాల్సిన విషయం ఇది, ప్రోగ్రామర్లు ఒక్కరే తేల్చేది కాదు.

మళ్లీ కలపడం

సెగ్మెంట్ వాళ్లు కలపడం మొదలుపెట్టినప్పుడు ముందు క్యూల సంగతి తేల్చుకున్నారు. గమ్యాలను విడగొట్టడానికి మొదటి కారణం ఒక గమ్యం జబ్బు ఇంకోదానికి అంటడం కదా. ఆ కారణాన్ని అలాగే వదిలేసి కలిపితే పాత జబ్బు తిరగబెడుతుంది. అందుకని ఆ విడివిడి క్యూలన్నిటి స్థానంలో సెంట్రిఫ్యూజ్ అనే వ్యవస్థను కట్టారు. ఏ గమ్యానికి వెళ్లాల్సినవి నిలిచిపోయినా మిగతావాటికి అడ్డుపడకుండా అది చూసుకుంటుంది.

తర్వాత కోడ్‌ను ఒకే రిపోలోకి తెచ్చారు. అన్ని గమ్యాలూ కలిపి 120 వేర్వేరు లైబ్రరీల మీద ఆధారపడి ఉన్నాయి. ఒక్కో లైబ్రరీకి ఒక్కటే వర్షన్ అని నియమం పెట్టుకుని, ఒక్కో గమ్యాన్నీ ఆ వర్షన్‌కు తెచ్చారు. ఒళ్లు హూనమయ్యే పని, కానీ ఒక్కసారి చేసేది.

టెస్టుల చిక్కు ఇంకా మిగిలింది. రిపోలను విడగొట్టడానికి కారణం అదే. ఆ టెస్టులు నిజంగా బయటి సేవల సర్వర్లకు అభ్యర్థనలు పంపేవి. అవతలి సర్వర్ నెమ్మదించినా, పాస్‌వర్డు గడువు తీరినా టెస్టు విఫలమయ్యేది, కోడ్ తప్పు కాకపోయినా. కాబట్టి ట్రాఫిక్ రికార్డర్ అనే పనిముట్టు రాశారు. అది మొదటిసారి నిజమైన అభ్యర్థననూ జవాబునూ ఫైల్లో దాచుకుని, తర్వాతినుంచి ఆ ఫైల్లోంచే జవాబు ఇస్తుంది. ఒక్క గమ్యం టెస్టులకే నిమిషాలు పట్టే చోట, 140కి పైగా గమ్యాల టెస్టులు మిల్లీసెకన్లలో అయిపోయాయి. ఈ పని మొదటే చేసి ఉంటే రిపోలు విడగొట్టే అవసరమే వచ్చేది కాదేమోనని నాకు గట్టిగా అనిపిస్తుంది. టెస్టుల్లో ఉన్న రోగానికి మందు వ్యవస్థ ఆకారంలో వెతికారు.

ఫలితం ఉమ్మడి లైబ్రరీల్లోనే కనిపించింది. సర్వీసులు విడివిడిగా ఉన్న 2016లో ఏడాది మొత్తానికి ఆ లైబ్రరీలకు 32 మెరుగుదలలు చేశారు. కలిపిన తర్వాత, 2018లో మొదటి ఆర్నెల్లలోనే 46 చేశారు. ఒక్క ఇంజనీరు కొన్ని నిమిషాల్లో డిప్లాయ్ చేయగలిగాడు. ఒత్తిడి ఎక్కువున్న గమ్యాలూ తక్కువున్నవీ ఒకే సర్వర్ల మీద కలిసి ఉండటంతో, చిన్న గమ్యానికి హఠాత్తుగా వరద వచ్చినా అందులోనే సర్దుకుపోయింది.

దీనికి వాళ్లు మూల్యం చెల్లించారు, అది కూడా రాసుకున్నారు. ఒక గమ్యం కోడ్‌లో బగ్ వల్ల ప్రోగ్రాము కూలితే ఇప్పుడు అన్ని గమ్యాలకూ ఆగుతుంది. ఒక లైబ్రరీ వర్షన్ పెంచితే ఎన్నో గమ్యాలు దెబ్బతినవచ్చు. ఒకప్పుడు తక్కువ ఒత్తిడి ఉన్న గమ్యానికి ఉన్న కొద్ది ప్రాసెస్‌లే తమ మెమరీలో దాచుకున్న సమాచారం మళ్లీ మళ్లీ పనికొచ్చేది. ఇప్పుడు మూడువేలకు పైగా ప్రాసెస్‌ల మీద అది పలచబడిపోయి, కావలసినప్పుడు దొరకదు. ముగ్గురు మనుషులకు తీరిక దొరకడం కోసం ఈ మూడింటినీ తెలిసే ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకోనక్కర్లేదు. ఒక భాగం కూలితే ప్రాణాల మీదికి వచ్చే చోట, లేదా నిబంధనల ప్రకారం కార్డు నంబర్ల డేటా వేరుగా ఉంచాల్సిన చోట విడిగా ఉంచడమే సరి.

మన బస్సు యాప్ టీము వెనక్కి రావాలనుకుంటే నలభై సర్వీసులనూ ఒకేసారి కలపనక్కర్లేదు. మూడు నెలల లెక్కలో ఎప్పుడూ జంటగా కనిపించిన సీటునూ వాలెట్‌నూ మాత్రం తీసుకోవాలి. ముందు రెండిటి కోడ్‌ను ఒకే రిపోలోకి తెచ్చి, విడివిడిగానే నడపాలి. లైబ్రరీ వర్షన్లు ఒకటయ్యాక రెండిటినీ ఒకే ప్రాసెస్‌గా నడపాలి, నెట్‌వర్క్ పిలుపు మామూలు ఫంక్షన్ పిలుపు అవుతుంది. అప్పటికీ డేటాబేస్‌లు రెండే ఉంటాయి, డబ్బు లెక్క ఇంకా సాగా మీదే నడుస్తుంది. డేటాబేస్‌లు కలపడం చివరి అడుగు, అన్నిటికన్నా నెమ్మదిగా చేయాల్సింది. కొన్ని వారాలు రెండు చోట్లా రాస్తూ, రోజూ రెండిటి మొత్తాలూ సరిపోతున్నాయో లేదో చూస్తూ పోవాలి. అవి వరుసగా తేడా లేకుండా సరిపోయాక పాతదానికి రాయడం ఆపేసి, సీటునూ డబ్బునూ మళ్లీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టి, వెనక్కి తిప్పే ఆ సాగా కోడ్ మొత్తాన్ని తీసేయవచ్చు.